కిలోకు 6 రూపాయల 71 పైసలు

గుంటూరు మిర్చి యార్డులో 2023లో మేలురకం ఎండుమిర్చి క్వింటాల్ 20,000 రూపాయలు దాటి పలికింది. 2025 ఫిబ్రవరి వచ్చేసరికి ధర ఎంతగా జారిందంటే, రైతులు ఆందోళనకు దిగారు. మార్కెట్ జోక్య పథకం కింద కేంద్రం క్వింటాల్‌కు 11,781 రూపాయలని ధర కట్టాల్సి వచ్చింది. అదే యార్డు, అదే పంట, మధ్యలో రెండేళ్లే.

ఆ మిర్చినే ముడిసరుకుగా పెట్టుకుని సొంత పేరుతో కారప్పొడి పొట్లాలు తేవాలనుకునే వ్యాపారి ఒకరున్నారనుకుందాం. ఇన్నాళ్లూ టిక్కీలు కొని అమ్మిన మనిషి. ఇప్పుడు మిల్లు పెట్టాలని ఆయన కోరిక. బ్యాంకుకు ఐదేళ్ల ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలి. ఆ రిపోర్టులో మిర్చి ధర రాయాల్సిన గడి ఒక్కటే ఉంటుంది. అందులో ఒక్క అంకే పడుతుంది. పన్నెండు వేలకీ ఇరవై వేలకీ మధ్య ఊగే సరుకుకు అక్కడ ఏ అంకె వేసినా అది ఊహే. మరి ఆ ఊహ ఎంత తప్పితే వ్యాపారం నష్టంలో పడుతుంది? ఎంత అమ్ముతాం, ఎంతకు అమ్ముతాం అన్నవి కూడా ఊహలే కదా, వాటిలో ఏది తప్పితే ఎక్కువ ముప్పు? దీన్ని తేల్చడానికి వాడే పద్ధతే సెన్సిటివిటీ అనాలిసిస్. ఒక్కో అంకెను కదిలించి, మిగతావాటిని కదలకుండా ఉంచి, చివరి ఫలితం ఎంత మారిందో చూడటమే అందులో పని. చేయడం సులువే. వచ్చిన జవాబును చదవడంలోనే చాలామంది బోల్తా పడతారు.

ముందు అసలు లెక్క కావాలి. కింది అంకెలన్నీ లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవే. మిల్లు, షెడ్డు, పొట్లాలు కట్టే యంత్రం, తొలి సరుకు అన్నీ కలిపి 1 కోటి 20 లక్షల పెట్టుబడి. ఏడాదికి లక్ష కిలోల కారప్పొడి అమ్ముడవుతుంది. డీలరుకు ఇచ్చేది పోగా, పన్ను కాక, కిలోకు 250 రూపాయలు చేతికొస్తాయి. మిర్చి కిలో 150 రూపాయలు. తొడిమలు తీసి, తాలు కాయలు ఏరి, ఎండలో ఆరబెట్టి ఆడిస్తే తరుగు పోతుంది కాబట్టి కిలో కారానికి కిలో నూరు గ్రాముల మిర్చి పడుతుందనుకుందాం. అంటే మిర్చి ఖర్చు 165 రూపాయలు. తొడిమలు తీసే కూలి, ఆడించడానికి కరెంటు, పొట్లం, రవాణా కలిపి మరో 30. కిలో మీద మిగిలేది 55 రూపాయలు. లక్ష కిలోల మీద 55 లక్షలు. అందులోంచి జీతాలు, అద్దె, ప్రచారం వంటి స్థిర ఖర్చులు 15 లక్షలు తీస్తే ఏడాదికి 40 లక్షలు చేతిలో ఉంటాయి. ఐదేళ్లూ ఇలాగే సాగుతుందని, చివర్లో యంత్రాలకు ఏమీ రాదని అనుకుందాం. ఆదాయపు పన్నును కూడా ప్రస్తుతానికి పక్కన పెడదాం.

ఐదేళ్లకు 2 కోట్లు వస్తాయి, పెట్టింది 1.2 కోట్లే కాబట్టి 80 లక్షల లాభం అనుకుంటే పొరపాటు. ఈ డబ్బు మీద ఏటా 12 శాతం రాబడి కావాలనుకునే మనిషికి వచ్చే ఏడాది అందే రూపాయి విలువ ఇవాళ 89 పైసలే. ఆపై ఏడాది రూపాయి 80 పైసలు, తర్వాత 71, 64, 57. ఏడాదికో రూపాయి చొప్పున ఐదేళ్లు అందితే ఇవాళ్టి లెక్కలో అది 3 రూపాయల 60 పైసలకు కాస్త ఎక్కువ. ఆ చొప్పున ఏటా వచ్చే 40 లక్షలకు నేటి విలువ 144 లక్షల 19 వేలు. పెట్టుబడి 120 లక్షలు తీసేస్తే 24 లక్షల 19 వేలు మిగులుతాయి. ఇదే నికర ప్రస్తుత విలువ, వాడుకలో ఎన్‌పీవీ. సున్నాకు పైన ఉంది కాబట్టి 12 శాతం రాబడి పోను ఇంకా మిగులుతోంది, మిల్లు పెట్టవచ్చు అని ఈ అంకె చెబుతోంది.

కంప్యూటర్లో ఇది పది గడుల పని. పైనుంచి కిందికి వరసగా అమ్మకం ధర, పరిమాణం, మిర్చి ధర, తరుగు లెక్క, ఇతర ఖర్చు, స్థిర ఖర్చు, పెట్టుబడి, కోరుకునే రాబడి. ఆ తర్వాత రెండు గడుల్లో ఫార్ములాలు:

```
B1  250
B2  100000
B3  150
B4  1.1
B5  30
B6  1500000
B7  12000000
B8  12%
B9  =B2*(B1-B3*B4-B5)-B6
B10 =-PV(B8,5,B9)-B7
```

ఇక కదిలించడం మొదలుపెడదాం. చాలా రిపోర్టుల్లో చేసేది ఒకటే. మూడు అంశాలనూ చెడు వైపుకు పది శాతం చొప్పున జరుపుతారు. అమ్మకాలు పది శాతం తగ్గి 90 వేల కిలోలైతే ఎన్‌పీవీ 24 లక్షల నుంచి 4 లక్షల 36 వేలకు దిగుతుంది. తగ్గింది కానీ మునగలేదు. మిర్చి ధర పది శాతం పెరిగి 165 అయితే 35 లక్షల నష్టం. అమ్మకం ధర పది శాతం తగ్గి 225 అయితే దాదాపు 66 లక్షల నష్టం. ఈ మూడింటినీ పొడుగు ప్రకారం పైనుంచి కిందికి అడ్డపట్టీలుగా గీసి, పైన వెడల్పుగా కింద సన్నగా ఉండే ఆ బొమ్మను టోర్నడో చార్టు అంటారు. కింద ఒక వాక్యం కూడా రాస్తారు: ‘ఈ ప్రాజెక్టుకు అమ్మకం ధర అత్యంత కీలకం.’

ఆ వాక్యం అబద్ధం కాదు, కానీ లెక్క చేయకముందే తెలిసిన సంగతి. అమ్మకం ధర పది శాతం తగ్గితే మొత్తం రాబడిలో, అంటే 250 లక్షల్లో పదో వంతు పోతుంది. మిర్చి పది శాతం పెరిగితే 165 లక్షల్లో పదో వంతు. పరిమాణం తగ్గితే మిగులులో, అంటే 55 లక్షల్లో పదో వంతే పోతుంది. అమ్మని సరుకుకు మిర్చీ కొనక్కర్లేదు, పొట్లమూ అక్కర్లేదు కదా. ఒక వస్తువు మీద ఎంతో కొంత మిగులు ఉన్నంత కాలం మొత్తం రాబడి దాని ముడిసరుకు ఖర్చు కంటే పెద్దది, మిగులు కంటే కూడా పెద్దది. కాబట్టి అన్నిటినీ సమానమైన శాతంతో కదిలిస్తే కారమైనా, కాగితమైనా, సిమెంటైనా మొదటి స్థానం ధరదే. రెండో స్థానం ఎవరిదన్న దాంట్లోనే కొంచెం కొత్త సమాచారం ఉంటుంది. మన కారంలో మిగులు పలచన, ముడిసరుకు బరువు. అందుకే మిర్చి ముందు, పరిమాణం వెనక. ముడిసరుకు ఖర్చు తక్కువగా, మిగులు లావుగా ఉండే వస్తువుల్లో ఇది తిరగబడుతుంది.

అందుకని పది శాతం ఆటను నేను పెద్దగా పట్టించుకోను. ప్రశ్నను తిరగేసి అడగడం మేలు: ఎన్‌పీవీ సున్నాకు దిగాలంటే ఒక్కో అంశం ఎంత కదలాలి? చేతి లెక్క కూడా చిన్నదే. ఎన్‌పీవీని, ఆ అంశం వల్ల ఐదేళ్లలో కదిలే డబ్బు నేటి విలువతో భాగించాలి. అమ్మకాల రాబడి నేటి విలువ 901 లక్షలు. 24.19ని దానితో భాగిస్తే 2.7 శాతం. మిర్చి ఖర్చు నేటి విలువ 595 లక్షలు, జవాబు 4.1 శాతం. మిగులు నేటి విలువ 198 లక్షలు, జవాబు 12.2 శాతం. కంప్యూటర్లో అయితే Goal Seek తెరిచి, B10ని 0 చేయమని, దానికి B1ని మార్చమని చెప్తే 243.29 అని చూపిస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. Goal Seek తన జవాబును ఆ గడిలోనే వదిలేస్తుంది. మళ్లీ 250 అని కొట్టకుండా పరిమాణం కోసం రెండోసారి నడిపితే, ఎన్‌పీవీ అప్పటికే సున్నా కాబట్టి లక్ష కిలోలకు లక్ష కిలోలే జవాబుగా వస్తాయి. అలా ఏ అంశమూ కదలకుండానే జవాబొచ్చిందంటే అసలు లెక్క చెదిరిందన్నమాట. మరో పొరపాటు ఏడాదికో రకం అంకెలు వేసి NPV ఫార్ములా వాడేటప్పుడు జరుగుతుంది. అది తనకిచ్చిన మొదటి గడినే ఏడాది తర్వాతి డబ్బుగా లెక్కేస్తుంది. ఇవాళ పెట్టే పెట్టుబడిని కూడా ఆ వరసలో చేరిస్తే 24.19 రావాల్సిన చోట 21.6 లక్షలు వస్తుంది. పెట్టుబడిని ఫార్ములా బయట ఉంచి విడిగా తీసేయాలి. తమాషా ఏమిటంటే ఈ తప్పు చేసినా సున్నాకు దిగే హద్దులు మాత్రం సరిగ్గానే వస్తాయి, అందుకే చాలా రిపోర్టుల్లో ఇది ఎవరి కంటా పడదు.

శాతాలను ఇప్పుడు రూపాయల్లోకి మార్చి చూద్దాం. అమ్మకం ధర 2.7 శాతం తగ్గడమంటే కిలోకు 6 రూపాయల 71 పైసలు. మిర్చి 4.1 శాతం పెరగడమంటే 150 నుంచి 156 రూపాయల 10 పైసలకు. కిలో కారానికి కిలో నూరు గ్రాములు పడుతుంది కాబట్టి 6.10ని 1.1తో గుణిస్తే మళ్లీ అదే 6 రూపాయల 71 పైసలు. ఇది కాకతాళీయం కాదు. కిలో మీద మిగిలే 55 రూపాయల్లో 6.71 పోయినా ప్రాజెక్టు నిలుస్తుంది, అంతకు మించి పైసా పోయినా నిలవదు. ఆ డబ్బు డీలరు చేతికి పోయిందా, యార్డుకు పోయిందా అన్నది లెక్కకు పట్టదు. ధర మీద 2.7, మిర్చి మీద 4.1 అని రెండు వేర్వేరు శాతాలు కనిపించినా రెండూ ఒకే హద్దుకు రెండు పేర్లు. మన వ్యాపారికి పళ్లేల బొమ్మలూ పట్టీల బొమ్మలూ అక్కర్లేదు, ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు.

లెక్క వేసిపెట్టిన మేనల్లుడు ఆడిటర్ అనుకోండి. యార్డు భాషలో చెబుతాడు: “క్వింటాల్‌కు 610 రూపాయలు పెరిగితే ఇక లాభం లేదు మావయ్యా.” ఆయన నవ్వుతారు. “ఒరేయ్, ఆరొందల పది ఒక లెక్కా? యార్డుకు నాలుగు రోజులు సెలవులిచ్చి మళ్లీ తెరిస్తే అంత తేడా వస్తుంది.”

అసలు విశ్లేషణ ఆ నవ్వు దగ్గరే మొదలవుతుంది. ఒక అంశం ఎన్‌పీవీని ఎంత బలంగా లాగుతుందన్నది సగం సంగతి. అది నిజంగా ఎంత దూరం కదలగలదన్నది మిగతా సగం. అన్నిటికీ ఒకే పది శాతం ఇస్తే ఆ రెండో సగాన్ని చేతులారా తుడిచేసినట్టే. అందుకే ఒక్కో అంశానికీ దాని చరిత్రను బట్టి, దాని స్వభావాన్ని బట్టి విడివిడిగా హద్దులు పెట్టాలి. మిర్చికి కిలో 115 నుంచి 200 వరకూ పెట్టడం అతి కాదు, మొదట్లో చెప్పిన రెండు ధరలే దానికి సాక్ష్యం. 200 దగ్గర, మిగతావన్నీ కదలకుండా ఉంటే, కిలో మీద 55 రూపాయల మిగులు మొత్తం పోతుంది. కారం ఆడించి అమ్మినందుకు మిగిలేది సున్నా, స్థిర ఖర్చులకు కూడా రాదు. కానీ అమ్మకం ధర విషయంలో అంత విస్తారమైన హద్దులు అక్కర్లేదు, అది అలా ఎగిరెగిరి పడదు. అది వేరే దారిన తగ్గుతుంది.

కొత్త పొట్లం దుకాణంలోకి వెళ్లినప్పుడు ఎవరూ పొట్లం మీద ధర కొట్టేసి తక్కువ ధర వేయరు. డీలరు అడిగేది స్కీము. ‘పదికి ఒకటి ఉచితం ఇస్తే పెడతాను’ అంటాడు. వినడానికి చిన్న ఉదారంలా ఉంటుంది. లెక్కలో చూద్దాం. లక్ష కిలోలకు డబ్బొస్తుంది, మరో 10 వేల కిలోలు ఊరికే పోతాయి. ఆ 10 వేల కిలోల మీద మిర్చి, కూలి, పొట్లం, రవాణా ఖర్చు కిలోకు 195 రూపాయల చొప్పున ఏటా 19 లక్షల 50 వేలు. ఐదేళ్ల నేటి విలువ 70 లక్షలు. అంటే ఎన్‌పీవీ 46 లక్షల నష్టంలోకి జారుతుంది. రిపోర్టులో అమ్మకం ధర గడి మాత్రం నిక్షేపంగా 250 దగ్గరే ఉంటుంది. ధర గడిలో రాయాల్సింది బిల్లు మీది ధర కాదు. స్కీములు, తిరిగొచ్చిన సరుకు, వసూలు కాని బాకీలు అన్నీ పోయాక కిలోకు చేతికందేది రాయాలి.

స్కీము ఇస్తే అమ్మకాలు పెరుగుతాయి కదా అని వ్యాపారి వాదన. నిజమే. ఎంత పెరిగితే మళ్లీ మొదటి స్థితికి వస్తామో కూడా ఇదే లెక్క చెబుతుంది. పదికి ఒకటి ఉచితమయ్యాక, డబ్బొచ్చిన ప్రతి కిలో మీదా మిగిలేది 55 కాదు, 35 రూపాయల 50 పైసలు. అదే 55 లక్షల మిగులు రావాలంటే లక్ష కిలోలకు బదులు సుమారు లక్షా 55 వేల కిలోలు అమ్మాలి. ఉచితంగా పోయేదీ కలిపితే మిల్లు ఆడించాల్సింది లక్షా 70 వేల కిలోలు. మనం కొన్న మిల్లుకు అంత సత్తువ ఉందా? లేకపోతే మరో పెట్టుబడి. ఒక్కో అంశాన్ని విడిగా కదిలించే పద్ధతిలోని మొదటి పెద్ద లోపం ఇక్కడ బయటపడుతుంది. ధర కదిలినప్పుడు పరిమాణం ఊరుకోదు, పరిమాణం ఒక గీత దాటితే పెట్టుబడి ఊరుకోదు. బాగు వైపు పట్టీ గీసేటప్పుడు ఈ గీతను మరిచి ‘అమ్మకాలు 30 శాతం పెరిగితే’ అని మిల్లు సామర్థ్యాన్ని మించి లాభం చూపించే రిపోర్టులు కొల్లలు.

ఇక పరిమాణం. 12.2 శాతం తగ్గినా తట్టుకుంటుందని లెక్క చెప్పింది కాబట్టి మూడింటిలో ఇదే నిశ్చింత అనిపిస్తుంది. కొత్త వస్తువు విషయంలో ఈ నిశ్చింత ప్రమాదకరం. పది శాతం తగ్గుదల అన్నప్పుడు లెక్క ఐదేళ్లలోనూ ఏటా పది శాతం తగ్గిస్తుంది. కొత్త పొట్లం అమ్మకాలు అలా తగ్గవు. మొదటి ఏడాది ఆ పేరు ఎవరికీ తెలియదు, రెండో ఏడాది కొంచెం తెలుస్తుంది. తరుగంతా ముందు ఏళ్లలోనే పడుతుంది, ముందు ఏళ్ల రూపాయే ఎక్కువ విలువైనది.

మొదటి ఏడాది 60 వేల కిలోలు, రెండో ఏడాది 85 వేలు, ఆ తర్వాత మూడేళ్లూ అనుకున్నట్టే లక్ష కిలోలు అమ్ముడయ్యాయనుకోండి. ఐదేళ్ల మొత్తంలో తగ్గింది 55 వేల కిలోలు, అంటే 11 శాతం. 12.2 లోపే ఉంది. కానీ మొదటి ఏడాది పోయిన 22 లక్షలకు నేటి విలువ 19 లక్షల 64 వేలు, రెండో ఏడాది పోయిన 8 లక్షల 25 వేలకు 6 లక్షల 58 వేలు. రెండూ కలిపి 26 లక్షల పైచిలుకు. మన దగ్గరున్నది 24 లక్షలే. ఎన్‌పీవీ రెండు లక్షల నష్టంలో ఉంది. హద్దులోపలే ఉండి కూడా ప్రాజెక్టు మునిగింది. అందుకని పరిమాణాన్ని శాతంతో కదిలించడం కన్నా ‘పుంజుకోవడానికి ఎన్నాళ్లు పడుతుంది’ అన్న ప్రశ్నతో కదిలించడం సరైనది. పై పదిగడుల లెక్కలో ఇది కుదరదు, ఏడాదికో వరుస వేసుకోవాల్సిందే. కష్టమేమీ లేదు, ఎవరూ చేయకపోవడమే ఉంది.

మళ్లీ మిర్చి దగ్గరకు వద్దాం, ఎందుకంటే అసలు చిక్కుముడి అక్కడే ఉంది. 4 శాతం పెరిగితే చాలు మునిగిపోయే వ్యాపారాన్ని, రెండేళ్లలో సగమయ్యే, రెట్టింపయ్యే సరుకుతో ఎవరైనా ఎలా నడుపుతున్నారు? కారం మిల్లులు దశాబ్దాలుగా నడుస్తూనే ఉన్నాయి కదా. లెక్క తప్పా? తప్పు కాదు. మిర్చి పెరిగినప్పుడు కారం ధర కదలదన్న మన షరతే లోకంలో లేనిది. మిర్చి మనకొక్కరికే పెరగదు, మిల్లులన్నిటికీ పెరుగుతుంది. అందరూ పొట్లం ధర పెంచుతారు. రెండూ కలిసి నడిచే అంశాల్లో ఒకదాన్ని కట్టేసి రెండోదాన్ని కదిలిస్తే వచ్చే జవాబు లెక్కకు నిజం, బజారుకు కాదు. ఈ లోపాన్ని ఎత్తిచూపుతూ డేవిడ్ హెర్ట్జ్ 1964లోనే హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాశాడు. అంశాలన్నిటినీ ఒకేసారి, ఒక్కోదానికి ఉన్న అవకాశాల మేరకు, కంప్యూటర్‌తో వందల సార్లు కదిలించి చూడాలని ఆయన ప్రతిపాదన. పెద్ద కంపెనీలు ఆ దారిన వెళ్లాయి. మన మిల్లుకు అంత అవసరం లేదు. ధరకూ మిర్చికీ ఉన్న ముడిని ఒక్క అదనపు గడిలో పెడితే చాలు.

ఆ గడిలో రాయాల్సింది ఇది: మిర్చి వల్ల కిలో కారం మీద రూపాయి భారం పడితే అందులో ఎన్ని పైసలు కొనేవాళ్ల మీదికి మళ్లించగలం? 80 పైసలు అనుకుందాం. మిర్చి 150 నుంచి 180కి, అంటే 20 శాతం పెరిగితే కిలో కారానికి భారం 33 రూపాయలు. పొట్లం ధరలో 26 రూపాయల 40 పైసలు రాబట్టుకుంటాం. చేతినుంచి పడేది 6 రూపాయల 60 పైసలు. మన హద్దు 6.71. ప్రాజెక్టు అంచు మీద నిలబడుతుంది, 40 వేల రూపాయలు మిగులుతాయి. అంటే ఏమీ మళ్లించలేని వ్యాపారి 4 శాతానికే మునుగుతుంటే, 80 పైసలు మళ్లించగలిగినవాడు 20 శాతం దాకా తట్టుకుంటాడు. మిర్చి ధర హద్దు మిర్చిలో లేదు, ఈ గడిలో ఉంది.

ఇంకో సంగతి కూడా ఉంది. భారం మొత్తాన్నీ మళ్లించగలం, కానీ మూడు నెలలు ఆలస్యంగా అనుకోండి. పాత ధరకు ఒప్పుకున్న ఆర్డర్లు పూర్తి చేయాలి, పాత ధర ముద్రించిన పొట్లాలు అయిపోవాలి, పెద్ద బ్రాండు పెంచిందాకా మనం ఆగాలి. ఆ మూడు నెలల్లో అమ్మే 25 వేల కిలోల మీద కిలోకు 33 చొప్పున 8 లక్షల 25 వేలు పోతాయి. మొదటి ఏడాదే జరిగినా నేటి విలువ 7 లక్షల 37 వేలు. ఎన్‌పీవీ 17 లక్షల దగ్గర లాభంలోనే ఉంటుంది. ఒకసారి తగిలే ఆలస్యాన్ని ఈ వ్యాపారం భరిస్తుంది. ఎప్పటికీ రాబట్టుకోలేని 20 పైసలను భరించడం మాత్రం కష్టం.

ఈ ముడి ధర పడినప్పుడూ పనిచేస్తుంది, అప్పుడు ఇంకా దుర్మార్గంగా. సీజన్లో కిలో 150కి కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకున్నాక యార్డులో ధర 115కి దిగిందనుకోండి. ఒక్కో అంశాన్ని విడిగా కదిలించే లెక్కలో ముడిసరుకు ధర తగ్గడం శుభవార్త, టోర్నడో బొమ్మలో లాభం వైపు పొడవాటి పట్టీ. నిజంలో మన సరుకు 150ది, ఇవాళ కొని ఆడించే పొరుగు మిల్లువాడి సరుకు 115ది. అతను పొట్లం ధర తగ్గిస్తాడు, డీలరు మన దగ్గరికొచ్చి అతని ధర చూపిస్తాడు. మిర్చి చవకైన ఏడాదే మనకు నష్టం వస్తుంది.

అలాగని ఏడాదికి సరిపడా సీజన్లోనే కొని ధర పెరుగుతుందన్న భయం తీర్చుకోవడానికీ ఖరీదుంది. లక్షా 10 వేల కిలోల మిర్చికి 1 కోటి 65 లక్షలు కావాలి, మిల్లు పెట్టుబడి కంటే ఎక్కువ. నెలనెలా వాడుకుంటూ పోతాం కాబట్టి సగటున అందులో సగం ఏడాదంతా ఇరుక్కుని ఉంటుంది. 12 శాతం చొప్పున దాని మీద దాదాపు 10 లక్షలు, కోల్డ్ స్టోరేజీ అద్దె కాక. సీజన్ ధర కంటే ఆ తర్వాతి సగటు ధర క్వింటాల్‌కు 900 రూపాయలైనా ఎక్కువ ఉండని ఏడాదిలో ఈ నిల్వ దండగే. మూడు అంశాల పట్టికలో ఈ ఖర్చుకు చోటే లేదు, ఎందుకంటే తొలి సరుకు కింద కొంత వేసి ఊరుకున్నాం.

కాబట్టి మన వ్యాపారి వెంటనే చేయాల్సిన పని ఒకటి ఉంది, దానికి కంప్యూటర్ అక్కర్లేదు. చుట్టుపక్కల రెండు మూడు ఊళ్ల కిరాణా టోకు దుకాణాల్లో పాత బిల్లులు ఉంటాయి. మిర్చి ధర పెరిగిన ఏడాదీ పడిన ఏడాదీ రెండూ వచ్చేలా 2022 నుంచి 2025 వరకూ నెలనెలా పొట్లం కారం ఏ ధరకు దిగిందో వాటిలోంచి రాసుకోవాలి. పక్కనే అదే నెల యార్డు ధర రాయాలి, దాన్ని ఆయన చూడకుండానే చెప్పగలరు. పేరున్న బ్రాండ్లను ఒక వరసలో, ఊరి మిల్లుల పొట్లాలను మరో వరసలో పెట్టాలి, ఎందుకంటే ఐదేళ్లూ ఆయన ఉండబోయేది రెండో వరసలోనే. యార్డులో రూపాయి పెరిగితే ఆ వరసలో ఎన్ని పైసలు, ఎన్ని నెలలకు పెరిగిందో, పడినప్పుడు ఎన్నాళ్లకు పడిందో చూడాలి. 80 పైసలు అని నేను ఊహించి రాసిన చోట ఆ అంకె పెట్టి లెక్క మళ్లీ నడపాలి. అది 90 దగ్గరుంటే మిర్చి 40 శాతం పెరిగినా మిల్లు నిలుస్తుంది. 60 దగ్గరుంటే పది శాతానికే హద్దు వచ్చేస్తుంది.